మౌత్‌వాష్ రకాలు: క్లోర్‌హెక్సిడిన్, ఫ్లోరైడ్, ఎసెన్షియల్ ఆయిల్ – ఎవరికి ఏది, ఎన్నాళ్లు?

మౌత్‌వాష్ గురించి ఎక్కువ మంది అడిగే ప్రశ్న "ఏది మంచిది?" అని. ఈ మూడు రకాలు మూడు వేర్వేరు పనులకు తయారైనవి కాబట్టి ఆ ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. వీటిలో ఒకటి మందు, దానికి మొదలుపెట్టే రోజు ఎంత ముఖ్యమో ఆపే రోజూ అంతే ముఖ్యం. అందుకే కింది జవాబుల్లో క్లోర్‌హెక్సిడిన్‌కు ఎక్కువ చోటు ఇచ్చాము. ఇబ్బందులు ఎక్కువగా ఎదురయ్యేది దానితోనే.

1. ఈ మూడు రకాల మధ్య అసలు తేడా ఏమిటి?

క్లోర్‌హెక్సిడిన్ బాక్టీరియాను చంపే రసాయనం. పళ్ల మీద పాచి పేరుకోకుండా ఆపడంలో మిగతా రెండింటికంటే ఇది బలమైనది. దీన్ని వాడేది శస్త్రచికిత్స తర్వాతో, చిగుళ్ల చికిత్స తర్వాతో, కొద్దిరోజుల పాటు మాత్రమే.

ఫ్లోరైడ్ మౌత్‌వాష్ చిగుళ్ల కోసం ఉద్దేశించినది కాదు. ఆమ్లాల వల్ల పంటి పైపొర, అంటే ఎనామిల్, కోల్పోయిన ఖనిజాన్ని తిరిగి చేర్చుకోవడానికి అది తోడ్పడుతుంది. పళ్లు పుచ్చిపోయే అవకాశం ఎక్కువగా ఉన్నవారు దీన్ని నెలల తరబడి, అవసరమైతే సంవత్సరాల తరబడి వాడవచ్చు.

ఎసెన్షియల్ ఆయిల్ మౌత్‌వాష్‌లో థైమాల్, యూకలిప్టాల్, మెంథాల్, మిథైల్ సాలిసిలేట్ అనే నాలుగు పదార్థాలు ఉంటాయి. పాచి మీదా చిగుళ్ల వాపు మీదా దీని ప్రభావం మధ్యస్థంగా ఉంటుంది. పళ్లకు రంగు పట్టించే గుణం క్లోర్‌హెక్సిడిన్ కంటే చాలా తక్కువ కనుక, రోజూ బ్రష్ చేస్తూ దానికి తోడుగా ఎక్కువకాలం వాడదలచినవారికి ఇది సరిపోతుంది.

2. నా దగ్గరున్న సీసా ఏ రకమో ఎలా తెలుసుకోవాలి?

ముందువైపు రాసే "తాజా శ్వాస", "సంపూర్ణ రక్షణ" వంటి మాటలను పక్కన పెట్టి, వెనుకవైపు చిన్న అక్షరాల్లో ఉండే పదార్థాల జాబితా చూడండి. క్లోర్‌హెక్సిడిన్ గ్లూకోనేట్ 0.2 శాతం లేదా 0.12 శాతం అని ఉంటే అది మొదటి రకం. సోడియం ఫ్లోరైడ్ అని ఉండి దాని పక్కన 0.05 శాతమో 0.2 శాతమో ఉంటే రెండో రకం. పైన చెప్పిన నాలుగు నూనె పదార్థాల పేర్లు ఉంటే మూడో రకం. కొన్ని సీసాల్లో నూనెలతో పాటు ఫ్లోరైడ్ కూడా కలుస్తుంది.

ఇవేవీ కనిపించకుండా రంగు, తీపి, సువాసన మాత్రమే ఉన్న ద్రవమైతే అది నోటికి కాసేపు పరిమళం ఇస్తుందే తప్ప, ఈ పేజీలో చెప్పే ప్రయోజనాలేవీ దాని నుంచి ఆశించలేము.

3. క్లోర్‌హెక్సిడిన్ మిగతావాటికంటే బలమైనది అంటారు. ఎందుకు?

దాని బలమంతా అతుక్కునే గుణంలో ఉంది. క్లోర్‌హెక్సిడిన్ అణువుకు ధనావేశం ఉంటుంది. పంటి మీద ఉండే పలుచని లాలాజలపు పొరకూ, బుగ్గల లోపలి చర్మానికీ, బాక్టీరియా గోడలకూ రుణావేశం ఉంటుంది. పుక్కిలించిన ఒక్క నిమిషంలోనే మందు ఈ తలాలన్నింటికీ అతుక్కుని, ఉమ్మివేసిన తర్వాత కూడా గంటల పాటు కొద్దికొద్దిగా విడుదలవుతూ ఉంటుంది. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి అని రోజుకు రెండుసార్లు మాత్రమే వాడమనడానికి కారణం ఇదే. మిగతా చాలా ద్రవాలు ఉమ్మివేసిన కొద్దిసేపటికే లాలాజలంతో కొట్టుకుపోతాయి.

1970లో హెరాల్డ్ లో, షియోట్ అనే దంత పరిశోధకులు ప్రచురించిన ఫలితాలతో దీనికి ప్రసిద్ధి వచ్చింది. బ్రష్ చేయడం పూర్తిగా మానేసినవారు కూడా 0.2 శాతం ద్రవంతో రోజుకు రెండుసార్లు పుక్కిలిస్తే కొత్త పాచి దాదాపుగా పేరుకోలేదని, చిగుళ్లు వాయలేదని వారు చూపించారు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ ప్రయోగం శుభ్రమైన పళ్లతో మొదలైంది. ముందే పేరుకున్న మందపాటి పాచిలోకి గానీ, చిగురు కింద గట్టిపడిన గారలోకి గానీ ఈ ద్రవం చొచ్చుకుపోదు. పుక్కిలించినప్పుడు అది చిగురు అంచు దాటి లోతుగా దిగదు కూడా. శుభ్రంగా ఉన్నదాన్ని శుభ్రంగా నిలబెట్టడం దానికి చేతనవుతుంది కానీ, మురికిగా ఉన్నదాన్ని శుభ్రం చేయడం దానికి చేతకాదు. తర్వాతి జవాబులన్నీ ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉన్నాయి.

4. అయితే క్లోర్‌హెక్సిడిన్ ఎవరు వాడాలి?

మామూలుగా బ్రష్ చేయడం కొన్నాళ్లు కుదరనివారు, లేదా బ్రష్ చేసినా సరిపోని దశలో ఉన్నవారు వాడాలి. జ్ఞానదంతం తీయించుకున్నవారు, చిగుళ్ల శస్త్రచికిత్స లేదా దంత ఇంప్లాంట్ చేయించుకున్నవారు, ప్రమాదంలో దవడ విరిగి తీగలతో కట్టించుకున్నవారు ఈ కోవలోకి వస్తారు. చిగుళ్లు బాగా వాచి స్కేలింగ్, అంటే పళ్లకు పట్టిన గారను పరికరాలతో తీయించడం, చేయించుకున్నవారికి, నొప్పి తగ్గి బ్రష్ చక్కగా ఆడించగలిగే వరకు ఇది వారధిగా పనికివస్తుంది. చేతులు స్వాధీనంలో లేక సొంతంగా పళ్లు తోముకోలేనివారికి ఇంకా ఎక్కువకాలం అవసరం కావచ్చు. ఆ నిర్ణయం మాత్రం దంతవైద్యులు తీసుకుని మధ్యమధ్య పరీక్షిస్తూ ఉండాలి.

పన్ను తీయించుకున్నవారికి ఒక హెచ్చరిక. మొదటి 24 గంటలు ఏ ద్రవంతోనూ పుక్కిలించకూడదు. పన్ను తీసిన గుంటలో గడ్డకట్టిన రక్తమే గాయాన్ని కప్పి మాన్పుతుంది. గట్టిగా పుక్కిలిస్తే ఆ గడ్డ ఊడిపోయి ఎముక బయటపడి, రెండు మూడు రోజుల్లో చెవి వైపు లాగే తీవ్రమైన నొప్పి మొదలవుతుంది. మర్నాటి నుంచి కూడా ద్రవాన్ని నోట్లోకి తీసుకుని తలను నెమ్మదిగా అటూ ఇటూ వంచి, గట్టిగా ఉమ్మకుండా నోరు తెరిచి జారవిడవాలి.

5. ఎన్నాళ్లు వాడవచ్చు?

పన్ను తీయించుకున్న తర్వాత సాధారణంగా ఒక వారం సరిపోతుంది. స్కేలింగ్ తర్వాతనో చిగుళ్ల శస్త్రచికిత్స తర్వాతనో అయితే రెండు వారాలు, కొన్ని సందర్భాల్లో నాలుగు వారాల వరకు రాస్తారు. నాలుగు వారాలు దాటిన వాడకం ఎవరూ సొంతంగా కొనసాగించకూడదు.

ఈ గడువుకు కారణం బాక్టీరియా మందుకు అలవాటు పడుతుందన్న భయం ఒక్కటే అని చాలామంది అనుకుంటారు. దానికంటే ముందు కళ్లకు కనిపించే కారణాలు ఉన్నాయి. వాటిలో మొదటిది రంగు. పంటికి అతుక్కున్న క్లోర్‌హెక్సిడిన్, టీ, కాఫీ, రెడ్ వైన్ వంటి వాటిలోని రంగు పదార్థాలను పట్టుకుని తనతో పాటు పంటి మీద నిలిపేస్తుంది. రెండు మూడు వారాల వాడకంలోనే పళ్ల సందుల్లో, చిగురు అంచున, నాలుక మీద గోధుమ రంగు చారలు కనిపించవచ్చు. ఈ మరక పంటి లోపలికి ఇంకదు కాబట్టి పాలిషింగ్‌తో పోతుంది. పంటి రంగులోనే వేసిన ఫిల్లింగ్‌ల అంచుల్లో పట్టిన మరక మాత్రం అంత సులభంగా పోదు, ఒక్కోసారి ఫిల్లింగే మార్చవలసి వస్తుంది.

రెండోది రుచి. ముఖ్యంగా ఉప్పు రుచి మందగిస్తుంది. వాడకం ఆపితే తిరిగి వస్తుంది. మూడోది కొంత విచిత్రంగా ఉంటుంది: పాచిని తగ్గించే ఈ మందే, ఎక్కువకాలం వాడితే చిగురు పైభాగాన గార గట్టిపడటాన్ని పెంచుతుంది. కొందరికి బుగ్గల లోపలి పొర పలుచగా ఊడుతుంది, అరుదుగా చెవి కింద ఉండే లాలాజల గ్రంథి వాస్తుంది.

ఈ మధ్య ఇంకో విషయం చర్చలో ఉంది. ఆకుకూరల్లోని నైట్రేట్‌ను నాలుక మీది కొన్ని బాక్టీరియాలు నైట్రైట్‌గా మారుస్తాయి, శరీరం దాన్ని రక్తనాళాలు సడలడానికి వాడుకుంటుంది. క్లోర్‌హెక్సిడిన్ ఆ బాక్టీరియాలను కూడా చంపేస్తుంది. కొన్ని చిన్న అధ్యయనాల్లో రక్తపోటు స్వల్పంగా పెరిగినట్టు కనిపించింది. రెండు వారాల వాడకానికి దీన్ని చూసి భయపడనక్కరలేదు. అయినా అవసరం లేకుండా నెలల తరబడి వాడకూడదనడానికి ఇది కూడా ఒక కారణమే.

6. రెండు నెలలుగా క్లోర్‌హెక్సిడిన్ వాడుతున్నాను. చిగుళ్ల నుంచి రక్తం తగ్గింది కానీ పళ్లు నల్లబడ్డాయి, ఆపితే రక్తం మళ్లీ వస్తోంది. ఏం చేయాలి?

ఇది చాలా తరచుగా ఎదురయ్యే పరిస్థితి కనుక ఒక ఉదాహరణతో వివరంగా చూద్దాం. 40 ఏళ్ల స్త్రీకి బ్రష్ చేసినప్పుడల్లా కింది ముందుపళ్ల దగ్గర రక్తం వస్తోందని అనుకుందాం. దంతవైద్యులు స్కేలింగ్ చేయించుకోమని చెప్పి, ఆ తర్వాత రెండు వారాలు వాడమని 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ రాశారు. ఆమె స్కేలింగ్‌ను వాయిదా వేసి మౌత్‌వాష్ మాత్రం మొదలుపెట్టారు. పది రోజుల్లో రక్తం తగ్గింది. ఇక స్కేలింగ్ ఎందుకులే అనిపించింది, సీసా తర్వాత సీసా కొన్నారు. రెండు నెలలకు పళ్ల సందుల్లో గోధుమ రంగు గీతలు పడ్డాయి, నాలుక వెనుక భాగం మాసినట్టు అయింది, వంటలో ఉప్పు తక్కువైందని అనిపించడం మొదలైంది. సీసా ఆపిన వారానికి రక్తం మళ్లీ అదే చోట కనిపించింది.

ఇక్కడ జరిగినది ఇది. కింది ముందుపళ్ల లోపలివైపు గార గట్టిగా పట్టి ఉంది. లాలాజల గ్రంథుల నాళాలు అక్కడే తెరుచుకుంటాయి కాబట్టి గార త్వరగా పట్టే చోటు అదే. క్లోర్‌హెక్సిడిన్ ఆ గార మీద కొత్తగా చేరే పాచిని అణచిపెట్టింది, అందుకే చిగురు పైపైన చల్లబడింది. గార మాత్రం ఉన్నచోటనే ఉంది. గరుకుగా ఉండే ఆ తలం మీద మందు ఆగగానే పాచి మళ్లీ చేరింది. రక్తం తగ్గడం జబ్బు తగ్గినట్టు కాదు, దాని గుర్తు కనిపించకుండా పోయినట్టు మాత్రమే.

ఆమె ఇప్పుడు చేయవలసినది మౌత్‌వాష్ ఆపి స్కేలింగ్ చేయించుకోవడం. ఆ సమయంలోనే దంతవైద్యులు గీతలున్న సన్నని పరికరంతో చిగురుకూ పంటికీ మధ్య లోతు కొలుస్తారు. 3 మిల్లీమీటర్ల వరకు ఉంటే సాధారణం. 4, అంతకంటే ఎక్కువ ఉన్నచోట్ల గార చిగురు కిందికి దిగి ఉండవచ్చు కాబట్టి లోపలి శుభ్రత అవసరమవుతుంది. గారతో పాటు రంగు కూడా పాలిషింగ్‌లో పోతుంది. ఆ తర్వాత చిగుళ్లు నొప్పిగా ఉంటే మళ్లీ రెండు వారాలు క్లోర్‌హెక్సిడిన్ రాయవచ్చు. ఈసారి అది శుభ్రమైన పళ్ల మీద పనిచేస్తుంది. దానితో పాటు పళ్ల సందులకు సరిపోయే చిన్న బ్రష్‌ను రోజుకొకసారి వాడటం మొదలుపెట్టాలి. మొదటి వారం ఆ బ్రష్‌కు రక్తం అంటడం మామూలే, ఆగకుండా వాడితే తగ్గుతుంది. రెండు వారాలు దాటినా ఒకే చోట రక్తం అంటుతుంటే అక్కడ ఇంకా గార మిగిలిందని అనుమానించి చూపించుకోవాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత లోతులు మళ్లీ కొలిపించుకుంటే చిగురు నిజంగా బిగిసిందో లేదో తెలుస్తుంది.

7. 0.2 శాతం, 0.12 శాతం – ఏది తీసుకోవాలి? నీళ్లు కలపవచ్చా?

శాతం కంటే నోటికి అందే మోతాదు ముఖ్యం. 0.2 శాతం ద్రవం 10 మిల్లీలీటర్లలో 20 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. 0.12 శాతం ద్రవం 15 మిల్లీలీటర్లలో 18 మిల్లీగ్రాములు ఉంటుంది. రెండింటినీ చెప్పిన కొలతలో వాడితే ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. మొదటిదాన్ని సాధారణంగా ఒక నిమిషం, రెండోదాన్ని 30 సెకన్లు పుక్కిలించమని చెబుతారు. పొరపాటు జరిగేది ఎక్కడంటే, 0.12 శాతం సీసా కొని 10 మిల్లీలీటర్లే వాడటంలో. అలా చేస్తే 12 మిల్లీగ్రాములే అందుతుంది. నీళ్లు కలిపి పలుచన చేయడం కూడా ఇలాంటి పొరపాటే. రుచి భరించలేనివారు సొంతంగా నీళ్లు కలిపేకంటే, తమకు రాసిన వైద్యులను అడగడం మంచిది. పుక్కిలించిన వెంటనే నీళ్లతో నోరు కడిగితే చేదు ఇంకా ఎక్కువ తెలుస్తుంది, మందూ కొంత పోతుంది.

8. బ్రష్ చేసిన వెంటనే క్లోర్‌హెక్సిడిన్ వాడవచ్చా?

వాడకూడదు. చాలా టూత్‌పేస్ట్‌లలో నురుగు కోసం సోడియం లారిల్ సల్ఫేట్ కలుపుతారు. దానికి రుణావేశం ఉంటుంది కాబట్టి అది క్లోర్‌హెక్సిడిన్‌ను పట్టుకుని నిర్వీర్యం చేస్తుంది. బాక్టీరియాకు అతుక్కోవలసిన మందు నురుగుకు అతుక్కుపోతుందన్నమాట. బ్రష్ చేసి, నోటిని నీళ్లతో బాగా కడుక్కుని, కనీసం అరగంట ఆగి వాడాలి. వీలైతే ఇంకా ఎక్కువ సమయం, రెండు గంటల వరకు, ఆగమని చెప్పేవారూ ఉన్నారు.

ఆచరణలో తేలికైన పద్ధతి ఏమిటంటే, బ్రష్‌ను ఉదయం లేవగానే, మౌత్‌వాష్‌ను అల్పాహారం తర్వాత పెట్టుకోవడం. అయితే పుక్కిలించాక కనీసం అరగంట ఏమీ తినకుండా తాగకుండా ఉండాలి. టీ, కాఫీని ఎంత వెనక్కి జరిపితే రంగు పట్టడం అంత తగ్గుతుంది. టీ తాగేది పుక్కిలించడానికి ముందు అయితే ఇంకా మేలు. బ్రష్‌తో పాచి తీసేశాక వాడితే మరకలు పట్టడానికి చోటు తగ్గుతుంది కనుక, మౌత్‌వాష్ ఉంది కదా అని బ్రష్‌ను తగ్గించడం రెండు విధాలా నష్టం.

9. ఫ్లోరైడ్ మౌత్‌వాష్ ఎవరికి అవసరం?

ఫ్లోరైడ్ టూత్‌పేస్ట్‌తో రోజుకు రెండుసార్లు బ్రష్ చేస్తూ, కొన్నేళ్లుగా కొత్తగా పుచ్చులేవీ రాని పెద్దవారికి దీని అవసరం పెద్దగా ఉండదు. అవసరమున్నవారు వేరే ఉన్నారు. పళ్లకు క్లిప్పులు వేయించుకున్నవారిలో ఆ లోహపు ముక్కల చుట్టూ పాచి నిలిచి, కొన్ని నెలలకే తెల్లటి సుద్దలాంటి మచ్చలు పడతాయి. అది పుచ్చుకు తొలి మెట్టు. వారు క్లిప్పులు తీసేవరకు రోజూ వాడవచ్చు. మందుల వల్లనో వ్యాధి వల్లనో నోరు ఎండిపోయేవారు, తల, మెడ భాగాలకు రేడియేషన్ చికిత్స పొందినవారు, చిగురు దిగిపోయి పంటి వేరు బయటపడినవారు, ఏడాదికొకటి రెండు చొప్పున కొత్త పుచ్చులు వస్తున్నవారు కూడా ఈ జాబితాలో ఉంటారు. వీరిలో కొందరికి మౌత్‌వాష్ ఒక్కటే సరిపోదు. రేడియేషన్ తర్వాత లాలాజలం బాగా తగ్గినవారికి ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న పేస్ట్ లేదా జెల్ రాస్తారు.

గడువు విషయంలో ఇది క్లోర్‌హెక్సిడిన్‌కు పూర్తిగా భిన్నం. ప్రమాదం ఉన్నంతకాలం వాడాలి, ప్రమాదం తొలగితే మానవచ్చు.

10. రోజూ వాడేదీ, వారానికి ఒకసారి వాడేదీ వేర్వేరా?

అవును. 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్ ద్రవం రోజూ వాడేది. దానిలో ఫ్లోరైడ్ సుమారు 225 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 225 భాగాలు, ఉంటుంది. 0.2 శాతం ద్రవంలో సుమారు 900 పీపీఎం ఉంటుంది, దాన్ని వారానికి లేదా రెండు వారాలకు ఒకసారి, ఎక్కువగా పర్యవేక్షణలో వాడతారు. రెండింటికీ 10 మిల్లీలీటర్లు, ఒక నిమిషం, ఆ తర్వాత అరగంట ఏమీ తినకపోవడం, తాగకపోవడం అనే పద్ధతి ఒకటే.

11. ఫ్లోరైడ్ మౌత్‌వాష్‌ను బ్రష్ చేశాక వాడితే ఎక్కువ రక్షణ కదా?

నిజానికి తగ్గుతుంది. సాధారణ టూత్‌పేస్ట్‌లో 1000 నుంచి 1450 పీపీఎం ఫ్లోరైడ్ ఉంటుంది. బ్రష్ చేశాక పళ్ల మీద మిగిలిన ఆ పేస్ట్‌ను 225 పీపీఎం ద్రవంతో కడిగేస్తే, ఎక్కువ ఉన్నదాన్ని తీసేసి తక్కువ ఉన్నదాన్ని పెట్టినట్టవుతుంది. బ్రష్ చేశాక నురుగు ఉమ్మివేసి ఊరుకోవాలి, నీళ్లతో కూడా పదేపదే పుక్కిలించకూడదు. ఫ్లోరైడ్ మౌత్‌వాష్‌ను మధ్యాహ్న భోజనం తర్వాతో, బడి లేదా ఆఫీసు నుంచి వచ్చాకనో వాడితే, పళ్లకు రోజులో మరోసారి ఫ్లోరైడ్ అందుతుంది. అదే దాని అసలు ప్రయోజనం.

క్లోర్‌హెక్సిడిన్ వాడే రోజుల్లో ఈ సలహాను పాటించడం కొంచెం చిక్కే. అక్కడ పేస్ట్‌ను కడిగేయాలి, ఇక్కడ కడగకూడదు. ఆ రెండు వారాలకు క్లోర్‌హెక్సిడిన్ నియమానికే ప్రాధాన్యం ఇవ్వండి, అది ముగిశాక పాత అలవాటుకు రండి. పుచ్చుల ప్రమాదం ఎక్కువగా ఉన్నవారు మాత్రం రాత్రి పడుకునే ముందు బ్రష్ చేసిన పేస్ట్‌ను కడగకుండా ఉంచుకుని, క్లోర్‌హెక్సిడిన్‌ను దానికి గంటల ముందు, సాయంత్రమే వాడుకోవడం మేలు.

12. పిల్లలకు ఇవ్వవచ్చా?

ఆరేళ్ల లోపు పిల్లలకు ఫ్లోరైడ్ మౌత్‌వాష్ ఇవ్వకూడదు. ఆ వయసులో పుక్కిలించి ఉమ్మడం పూర్తిగా రాదు, కొంత మింగేస్తారు. 0.05 శాతం ద్రవం 10 మిల్లీలీటర్లలో దాదాపు 2.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. రోజూ అది కడుపులోకి పోతే, చిగురు కింద తయారవుతున్న శాశ్వత దంతాల మీద మచ్చలు పడే ప్రమాదం ఉంది. ఆరేళ్లు దాటినవారికి కూడా ముందు మామూలు నీళ్లతో పరీక్షించండి. గ్లాసులో 10 మిల్లీలీటర్ల నీళ్లు కొలిచి ఇచ్చి, ఒక నిమిషం పుక్కిలించి మళ్లీ అదే గ్లాసులో ఉమ్మమనండి. లాలాజలం కలిసి ఇంకా పెరగవలసిన ద్రవం తగ్గితే, ఆ బిడ్డ ఇంకా సిద్ధంగా లేనట్టే.

ఎసెన్షియల్ ఆయిల్ రకాన్ని సాధారణంగా 12 ఏళ్లు దాటినవారికే సూచిస్తారు. ఆల్కహాల్, మిథైల్ సాలిసిలేట్ రెండూ చిన్నపిల్లలు మింగితే హాని చేస్తాయి. సీసాను వారికి అందని చోట ఉంచాలి.

13. ఎసెన్షియల్ ఆయిల్ మౌత్‌వాష్ నిజంగా పనిచేస్తుందా, మంట మాత్రమేనా?

పనిచేస్తుంది. ఆ నూనె పదార్థాలు బాక్టీరియా గోడను దెబ్బతీస్తాయి. ఆరు నెలల పాటు సాగిన అధ్యయనాల్లో, బ్రష్‌తో పాటు దీన్ని వాడినవారికి పాచి, చిగుళ్ల వాపు తగ్గాయి. పాచిని ఆపడంలో ఇది క్లోర్‌హెక్సిడిన్ కంటే వెనుకబడుతుంది కానీ, దీర్ఘకాలంలో చిగుళ్ల వాపును అదుపులో ఉంచడంలో రెండింటి మధ్య తేడా అంత పెద్దది కాదు. నూనెలకు విద్యుదావేశం లేదు కాబట్టి టూత్‌పేస్ట్‌తో గొడవ పడదు, బ్రష్ చేశాక అరగంట ఆగనక్కరలేదు. మరోవైపు, అదే కారణం వల్ల పళ్లకు గట్టిగా అతుక్కోదు, ప్రభావం త్వరగా తగ్గుతుంది. 20 మిల్లీలీటర్లు, 30 సెకన్లు, రోజుకు రెండుసార్లు అనేది దీని మామూలు కొలత. ఒక మూత తీసుకుని పది సెకన్లలో ఉమ్మేసేవారు ఆ అధ్యయనాల ఫలితాన్ని ఆశించలేరు.

మంటకు చాలావరకు కారణం ఆల్కహాల్. ఆ మంటకూ మందు పనితనానికీ సంబంధం లేదు. నూనెలు నీటిలో కరగవు కాబట్టి వాటిని కరిగించి ఉంచడానికే ఆల్కహాల్ వాడతారు. పాత తరహా ద్రవాల్లో అది 20 శాతానికి పైనే ఉంటుంది. ఆల్కహాల్ లేని రకాలూ దొరుకుతున్నాయి, చాలామందికి వాటితోనే పని జరిగిపోతుంది.

14. ఆల్కహాల్ ఉన్నదాన్ని ఎవరు వాడకూడదు?

నోరు ఎండిపోయే సమస్య ఉన్నవారు, నోట్లో పుండ్లున్నవారు, రేడియేషన్ చికిత్సలో ఉన్నవారు వాడకూడదు. మద్యం అలవాటు నుంచి బయటపడుతున్నవారు, ముఖ్యంగా డైసల్ఫిరామ్ మాత్రలు వేసుకుంటున్నవారు అసలే ముట్టకూడదు. పంటి చికిత్సల్లో తరచుగా రాసే మెట్రోనిడజోల్ మాత్రలతో మద్యం వద్దన్న హెచ్చరిక ఉంటుంది కాబట్టి, ఆ కోర్సు ముగిసేవరకు ఆల్కహాల్ లేని మౌత్‌వాష్ ఎంచుకోవడం జాగ్రత్త. కొన్ని క్లోర్‌హెక్సిడిన్ ద్రవాల్లో కూడా ఆల్కహాల్ ఉంటుందని మరువకండి. ఆస్పిరిన్ పడనివారు మిథైల్ సాలిసిలేట్ ఉన్న ద్రవం వాడేముందు వైద్యులను అడగాలి, ఎందుకంటే రెండూ ఒకే కుటుంబానికి చెందిన రసాయనాలు.

ఆల్కహాల్ మౌత్‌వాష్‌తో నోటి క్యాన్సర్ వస్తుందా అన్నది పాత ప్రశ్న. ఆ సంబంధం నిర్ధారణ కాలేదు. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో వాటి ప్రభావాన్ని మౌత్‌వాష్ ప్రభావం నుంచి విడదీసి చూడటమే కష్టం.

15. నోటి దుర్వాసనకు ఏది?

దుర్వాసన చాలావరకు నాలుక వెనుక భాగం నుంచీ వాచిన చిగుళ్ల నుంచీ వస్తుంది. ముందు నాలుక గీసుకోవడం, పళ్ల సందులు శుభ్రం చేసుకోవడం చేయాలి. ఆ తర్వాత తోడుగా ఎసెన్షియల్ ఆయిల్ రకం వాడవచ్చు. దుర్వాసన కోసం క్లోర్‌హెక్సిడిన్‌ను అలవాటు చేసుకోవడం తగదు.

16. రెండు రకాలు ఒకే రోజు వాడవచ్చా?

సాధారణంగా అవసరం రాదు. అవసరమైతే, ఉదాహరణకు క్లిప్పులున్న యువకుడు జ్ఞానదంతం తీయించుకుంటే, ఆ వారం ఉదయం సాయంత్రం క్లోర్‌హెక్సిడిన్, మధ్యాహ్నం ఫ్లోరైడ్ అని గంటల తేడాతో వాడుకోవచ్చు. అతనైనా మొదటి 24 గంటలు రెండూ ఆపాల్సిందే. వారం ముగిశాక క్లోర్‌హెక్సిడిన్ ఆగిపోతుంది, ఫ్లోరైడ్ క్లిప్పులు తీసేవరకు కొనసాగుతుంది. రెండింటినీ ఒకే గ్లాసులో కలపడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

17. ఎప్పుడు వెంటనే ఆపి వైద్యుల దగ్గరికి వెళ్లాలి?

క్లోర్‌హెక్సిడిన్‌కు తీవ్రమైన అలర్జీ అరుదు, కానీ ఉంది. పుక్కిలించిన కొన్ని నిమిషాల్లో పెదవులు, ముఖం ఉబ్బడం, ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం, కళ్లు తిరగడం కనిపిస్తే అది అత్యవసర పరిస్థితి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గతంలో ఇంజక్షన్‌కు ముందు చర్మం తుడిచే క్లోర్‌హెక్సిడిన్ ద్రవంతోనో, ఇతర క్రిమినాశకాలతోనో ఇలా జరిగి ఉంటే ఆ విషయం దంతవైద్యులకు ముందే చెప్పాలి. బుగ్గల లోపల పొర ఊడి మండుతున్నా, చెవి కింద వాపు కనిపించినా మందు ఆపి చూపించుకోవాలి.

మౌత్‌వాష్ ఏదైనా సరే, పన్ను కదులుతుంటే, చిగురు నుంచి చీము వస్తుంటే, నోట్లో పుండు రెండు వారాలు దాటినా మానకపోతే ఇంకో సీసా కొనకుండా పరీక్ష చేయించుకోవాలి.